మూడు మెట్లకు ర్యాంప్ ఎంత పొడవుండాలి? టేప్ పట్టుకుని కొలిచేద్దాం రండి

ఈరోజు ఎపిసోడ్‌కి ముందు మీకొక చిన్న ప్రశ్న. తిరుమల నడకదారిలో అలిపిరి నుంచి ఎన్ని మెట్లు? మన తిరుపతి పిల్లోళ్ళు నిద్రలో లేపి అడిగినా చెప్తారు, 3,550 అని. సరే, మీరు పోయినసారి ఏదో పనిమీద పోయిన గవర్నమెంట్ ఆఫీసు ముందర ఎన్ని మెట్లున్నాయి? ఒక్కో మెట్టు ఎత్తెంత? తెలీదు కదా. నాకూ తెలీదు, మా మామను తీసుకుని పోయేదాకా.

మా మామ అంటే మా అమ్మ తమ్ముడు. చిత్తూరు దగ్గర పల్లె. చిన్నప్పుడే పోలియో వచ్చింది. తిరుపతిలో బర్డ్ హాస్పిటల్లో క్యాలిపర్లు చేయించుకుని చానా ఏళ్ళు చంక కర్రలతో నడిచినాడు. యాభై దాటినాక భుజాలు అరిగిపోయి ఇప్పుడు వీల్‌చెయిర్‌కి మారినాడు. తాత భూమి పంపకాల కాగితాల పని ఒకటుండింది. మామ స్వయంగా వచ్చి వేలిముద్ర, ఫోటో ఇవ్వాలి. ఆఫీసు పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఆ ఒక్క ఆఫీసు కథ కాదు.

పొద్దున ఏడుకి కార్లో బయల్దేరినాం. దారిలో టీ తాగుదాం మామా అంటే వద్దన్నాడు. నీళ్ళ బాటిల్ ఇస్తే పక్కన పెట్టినాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆఫీసు ముందు మూడు మెట్లు. పక్కన ర్యాంప్ కూడా ఉంది, కొత్తగా సిమెంట్ పోసి, నీలం రంగు వీల్‌చెయిర్ బొమ్మ కూడా వేసినారు. నేను సంతోషంగా బండి వెనక చేతులు పెట్టి నెట్టినాను. సగం దూరం పోయినాక బండి ముందు చక్రాలు లేచినాయి. మామ బరువంతా నా గుండెల మీదికొచ్చింది. ఎవరో ఇద్దరు పరిగెత్తుకొచ్చి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. చివరికి నలుగురం కలిసి కుర్చీతో సహా మోసుకుని పైకెక్కించినాం. మామ ఒక్క మాట అనలేదు. కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, అంతే.

నేను బీటెక్ చేసినోణ్ణి, కొన్నేళ్ళు కోడ్ రాసినోణ్ణి. ఏదైనా పని చెయ్యకపోతే లాగ్ తీసి చూడాలనిపిస్తుంది. ర్యాంప్ ఉండి కూడా ఎందుకు పని చెయ్యలేదు? అందుకే మరుసటి వారం ఒక టేప్ కొనుక్కుని అదే ఆఫీసుకి ఒంటరిగా పోయినా. ఆరోజు కొలిచిన కొలతలే ఈ ఎపిసోడ్.

మొదట ర్యాంప్. ఒక్కో మెట్టు ఎత్తు 16 సెంటీమీటర్లు, మూడు మెట్లు కలిపితే 48. ర్యాంప్ వాలు మీద టేప్ పరిచి కొలిస్తే పొడవు 192 సెంటీమీటర్లు. 192ని 48తో భాగిస్తే నాలుగు. అంటే నాలుగడుగులు పోతే ఒక అడుగు ఎక్కుతున్నట్టు. దీన్నే 1:4 వాలు అంటారు.

మరి ఉండాల్సింది ఎంత? 1:12. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. ఇది మన కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో 2016లోనూ ఉంది, 2021లోనూ ఉంది. అసలు ఈ అంకె ఇంకా పాతది. అమెరికాలో 1961లో వికలాంగుల కోసం మొట్టమొదటి భవన ప్రమాణం రాసినప్పుడే ర్యాంప్ ఇంతకన్నా నిటారుగా ఉండకూడదని 1:12 పెట్టినారు. దాని వెనక ఇల్లినాయిస్ యూనివర్సిటీలో టిమోతీ న్యూజెంట్ అనే ఆయన వీల్‌చెయిర్‌లో ఉండే విద్యార్థులతో చేసిన పని ఉంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, 1:12 అనేది హాయిగా ఉండే వాలు కాదు, అదే ఆఖరి హద్దు. ఎత్తు పెరిగేకొద్దీ ఇంకా మెల్లని వాలు కావాలి.

ఇంటర్లో చదివిన ఫిజిక్స్ ఇక్కడ పనికొస్తుంది. మామ బరువు 65 కిలోలు, కుర్చీ 19. మొత్తం 84. వాలు మీద బండి కిందికి జారకుండా ఎంత బలంతో నెట్టాలి? 1:12 వాలు మీదైతే 84లో పన్నెండో వంతు, అంటే 7 కిలోల బరువు మోసినంత. 1:4 మీదైతే నాలుగో వంతు, 21 కిలోలు. మూడింతలు. ఏడు కిలోలంటే చేతుల్లో బలమున్న మనిషి తనంతట తాను చక్రాలు తోసుకుంటూ ఎక్కొచ్చు. ఇరవై ఒక్క కిలోలంటే, భుజాలు అరిగిపోయిన మనిషి సంగతి వదిలేయండి, నాకే చేతకాలేదు.

బలం ఒక్కటే సమస్య కాదు. వీల్‌చెయిర్‌లో మనిషి బరువు ఎక్కువగా వెనక పెద్ద చక్రాల మీదే ఉంటుంది. వాలు ఎక్కువైతే ఆ బరువు వెనక చక్రాల ఇరుసు దాటి వెనక్కి పోతుంది. అప్పుడు ముందు చక్రాలు లేస్తాయి, కుర్చీ వెనక్కి పడుతుంది. మాకు జరిగింది అదే. దిగేటప్పుడు ఇంకో ప్రమాదం, మనిషి ముందుకి జారిపోతాడు. అందుకే నిటారు వాలు మీద తప్పనిసరై దింపాల్సొస్తే కుర్చీని వెనక్కి తిప్పి, మీరు కింద ఉండి, మెల్లగా దింపండి.

ఇప్పుడు లెక్క కట్టండి. 48 సెంటీమీటర్ల ఎత్తుకి 1:12 కావాలంటే 48 ఇంటూ 12, అంటే 576. దాదాపు ఐదు మీటర్ల డెబ్బై ఆరు. వాళ్ళు కట్టింది రెండు మీటర్లు కూడా లేదు. అక్కడి పెద్దాయన ఒకరిని అడిగితే ఏమన్నాడంటే, “స్థలం యాడుంది బాబూ, ముందర రోడ్డుంది కదా.” నిజమే, మెట్ల నుంచి గేటుకి ఐదు మీటర్లే ఉంది. ఐతే ర్యాంప్ ముందుకే పోవాలని ఎవరు చెప్పినారు? గోడ వెంబడి పక్కకి పోవచ్చు కదా. ఆ గోడ పొడవు కొలిచినా, 11 మీటర్లు. ర్యాంప్‌కి 5.76, కింద ఒకటిన్నర మీటరు చదును, పైన ఒకటిన్నర మీటరు చదును. మొత్తం 8.76. మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడానికి ఇంకో ఒకటిన్నర చదును పెట్టినా 10.26. గోడలో పడుతుంది! ఆ స్థలంలో ప్రస్తుతం ఏముంది? స్టాఫ్ బైకుల షెడ్డు.

ఆ చదును గురించి ఒక మాట, ఎందుకంటే చానామంది కట్టేటోళ్ళు దాన్ని వేస్టు అనుకుని తీసేస్తారు. ర్యాంప్ పైకొచ్చిన వెంటనే తలుపు ఉందనుకోండి, అది బయటికి తెరుచుకుంటుంది అనుకోండి. వాలు మీద కూర్చున్న మనిషి ఒక చేత్తో చక్రం జారకుండా పట్టుకోవాలి, ఇంకో చేత్తో తలుపు లాగాలి, తలుపు తనమీదికొస్తుంటే వెనక్కి పోవాలి. జరిగే పని కాదు. ఒకటిన్నర మీటరు చదునంటే బండి గుండ్రంగా తిప్పుకోడానికి కావలసిన జాగా.

మీరూ ఇది ఫోన్‌తోనే చూడొచ్చు. లెవెల్ చూపించే యాప్ ఏదైనా తీసుకోండి. 1:12 వాలు అంటే దాదాపు 4.8 డిగ్రీలు. ఐదు దాటితే అనుమానించండి. మా ఆఫీసు ర్యాంప్ 14 పైనే చూపించింది. ఫోన్‌ని నేరుగా సిమెంట్ మీద పెట్టొద్దు, గరుకుకి అంకె మారుతుంది, వెనక కెమెరా ఉబ్బు కూడా అడ్డమొస్తుంది. ఒక మీటరు పొడవున్న నిటారు కర్ర వాలు మీద పెట్టి, దానిమీద ఫోన్‌ని పొడుగు అంచు మీద నిలబెట్టండి. తర్వాత ఫోన్ తిప్పి ఇంకోసారి చూడండి. రెండుసార్లూ ఒకటే వస్తే ఫోన్ సరిగ్గా ఉన్నట్టు.

సరే, నలుగురం మోసి పైకి చేర్చినాం. ఇప్పుడు తలుపు.

ఇది నాకు బాగా ఆశ్చర్యమేసిన లెక్క. ఆ గది తలుపు మూడడుగుల తలుపే. మామ కుర్చీ వెడల్పు 65 సెంటీమీటర్లు. మూడడుగులంటే 90 పైనే. మరెందుకు మామ వేళ్ళు గీరుకున్నాయి? మన దగ్గర వడ్రంగి మూడడుగుల తలుపు అంటే చాలాసార్లు ద్వారబంధం బయటి నుంచి బయటికి మూడడుగులు. రెండు వైపులా చెక్క మూడేసి అంగుళాలు, అంటే 15 సెంటీమీటర్లు పోయింది. మిగిలింది 75. తలుపు తెరిచినాక దాని మందం కూడా దారిలోనే ఉంటుంది, ఇంకో నాలుగు పోయింది. మిగిలింది 71. కుర్చీ 65 కదా, పడుతుంది అనుకుంటాం. కానీ కుర్చీ తనంతట తాను కదలదు. రెండు వైపులా చక్రాల మీద చేతులుంటాయి. ఒక్కో వైపు పిడికిలికి ఐదు సెంటీమీటర్లు వేసుకుంటే 75 కావాలి. 71లో 75 పట్టదు. నాలుగు సెంటీమీటర్ల కోసం వేళ్ళ చర్మం పోయింది.

అందుకే నియమంలో తలుపు సైజు అనరు, అడ్డం లేని దారి 90 సెంటీమీటర్లు అంటారు. తలుపు పూర్తిగా తెరిచి, తలుపు ముఖం నుంచి అవతలి చెక్క దాకా కొలవాలి. వెనక నుంచి లెక్కేస్తే, 90కి తలుపు మందం 4, చెక్కలు 15 కలిపితే 109. అంటే మీ వడ్రంగికి చెప్పాల్సింది బయటి నుంచి బయటికి మూడడుగుల ఏడంగుళాలు. రెండు రెక్కల తలుపైతే ఒక రెక్క తెరిస్తేనే 90 రావాలి, ఎందుకంటే రెండో రెక్కకి పైన గడియ పెట్టేసి ఉంటారు, ఎవరూ తియ్యరు.

ఇంకోటి గడప. మన ఇళ్ళల్లో గడపకి పసుపు కుంకుమ పెడతాం, దాన్ని తొక్కం. ఇంట్లో అది మన ఇష్టం. కానీ ఆఫీసు గదులకి కూడా రెండంగుళాల గడప ఎందుకు? వీల్‌చెయిర్ ముందు చక్రాలు చిన్నవి, గడపకి తగిలి ఠక్కున ఆగిపోతాయి. కుర్చీ ఆగినా మనిషి ఆగడు, ముందుకి పడతాడు. గడప ఎత్తు 12 మిల్లీమీటర్లు మించకూడదు, అదీ అంచు ఏటవాలుగా చెక్కి ఉండాలి. మన చిటికెన వేలి మందం అనుకోండి.

వేలిముద్ర పని ఐపోయేసరికి పన్నెండున్నర. అప్పుడు మామ మెల్లగా అడిగినాడు, “రేయ్, ఇక్కడ బాత్రూము ఏమన్నా ఉందా చూడు” అని. పొద్దున టీ ఎందుకు వద్దన్నాడో నాకు అప్పుడు అర్థమైంది. ఊరు దాటితే నీళ్ళు తాగకపోవడం ముప్పై ఏళ్ళ అలవాటంట. “యాడికి పోయినా ముందు అదే చూసుకోవల్ల” అన్నాడు.

ఉంది, బోర్డు కూడా ఉంది. తాళం వేసి ఉంది. తాళంచెవి అటెండర్ దగ్గర, అటెండర్ భోజనానికి పోయినాడు. వచ్చి తీస్తే లోపల చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు, పాత కుర్చీలు. అవి బయట పెట్టినాం. అప్పుడు అసలు సంగతి తెలిసింది. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. కుర్చీ లోపలికి పోతే తలుపు మూసుకోదు. మూయాలంటే కుర్చీ బయటుండాలి. మామ ఏం చేసినాడో చెప్పను. ఇంటికొచ్చేదాకా ఓర్చుకున్నాడని మాత్రం చెప్తా.

ఉండాల్సిన గది లోపల కొలత 2 మీటర్లు, 2.2 మీటర్లు. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకి జరగాలి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. లోపల మనిషి జారి తలుపు వెనక పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుని బయట నుంచి ఎవరూ తీయలేరు, ఆ మనిషే అడ్డం ఉంటాడు కదా.

తర్వాత, కుర్చీ నుంచి కమోడ్ మీదికి ఎలా మారతారు? చానామంది లేచి నిలబడి కూర్చుంటారు అనుకుంటారు. లేవగలిగితే కుర్చీ ఎందుకు? కుర్చీని కమోడ్ పక్కనే పెట్టి, చేతుల మీద బరువేసి, పక్కకి జరుగుతారు. అందుకని కమోడ్‌కి ఒక పక్క 90 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. సరిగ్గా ఆ ఖాళీలోనే మనోళ్ళు బకెట్టు, వాష్‌బేసిన్ పెడతారు. కమోడ్ ఎత్తు 45 నుంచి 48 సెంటీమీటర్లు, ఎందుకంటే కుర్చీ సీటు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. సమానంగా ఉంటే జరగొచ్చు. ఒక పక్క గోడకి పట్టుకునే కడ్డీ, ఖాళీ ఉన్న పక్క పైకి మడిచే కడ్డీ. టవల్ ఆరేసే స్టీల్ రాడ్డు బిగించి ఇదే కడ్డీ అంటే ఒప్పుకోవద్దు, మనిషి మొత్తం బరువు దానిమీద పడుతుంది. గోడకి గట్టిగా లాగి చూడండి, కదిలితే అది కడ్డీ కాదు. సాయం కోసం పిలిచే గంట తాడు నేల దాకా వేలాడాలి. పడిపోయినోడికే గంట అవసరం, నిలబడినోడి చేతికందే ఎత్తులో ఉంటే ఏం లాభం?

ఆ ఆఫీసు వరండాలో పసుపు పలకల దారి కూడా ఉండింది, చూపులేని వాళ్ళ కోసం. దీని గురించి ఒక్కటే చెప్తా, ఎందుకంటే చానామందికి అది డిజైన్ అనుకుంటారు. ఆ పలకల్లో రెండు రకాలు. పొడుగు గీతలుంటే “ఇటే పో” అని. గుండ్రటి చుక్కలుంటే “ఆగు, ముందర ఏదో ఉంది” అని. జపాన్‌లో సెయిచీ మియాకే అనే ఆయన 1965లో వీటిని కనిపెట్టినాడు, 1967లో ఒకయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గర రోడ్డు మీద మొదటిసారి పరిచినారు. ఇది కాలికి, కర్రకి తెలిసే భాష. మెట్లకి ఒక అడుగు ముందు చుక్కలుండాలి. మా ఆఫీసులో ఏం చేసినారంటే, దారి మొత్తం చుక్కల పలకలే పరిచినారు. కర్రతో నడిచే మనిషికి ప్రతి అడుగూ “ఆగు, ఆగు, ఆగు” అని చెప్తున్నట్టు. అసలు మెట్లు వచ్చినప్పుడు కొత్తగా చెప్పడానికి ఇంకేం మిగల్లేదు. ఆ దారి చివర నోటీసు బోర్డు స్టాండు ఉంది, నేరుగా పోయి తగలడానికి.

ఇవన్నీ చట్టంలో లేవా అని అడుగుతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం నియమాలకి తగ్గట్టు ప్లాన్ లేకపోతే కొత్త భవనానికి అనుమతే ఇవ్వకూడదు. పాత ప్రభుత్వ భవనాలకి నియమాలు వచ్చినప్పటి నుంచి ఐదేళ్ళు గడువిచ్చినారు. నియమాలు 2017 జూన్‌లో వచ్చినాయి, అంటే గడువు 2022లోనే ఐపోయింది. మరి ఇన్నాళ్ళూ ఎలా తప్పించుకున్నారు? చట్టం “తప్పనిసరి” అంటుంది, దానికింద రాసిన 15వ నియమం మాత్రం మార్గదర్శకాల వైపు చూపిస్తుంది. మార్గదర్శకం అంటే సలహా కదా, అని ఒక సందు.

ఆ సందు బయటపడడంలో మన హైదరాబాద్ పాత్ర ఉంది. రాజీవ్ రాతూరి అనే చూపులేని ఆయన వేసిన కేసులో సుప్రీంకోర్టు, దేశంలో పరిస్థితి ఎట్లుందో చూసి చెప్పమని హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీలో వికలాంగుల అధ్యయన కేంద్రాన్ని అడిగింది. వాళ్ళు రిపోర్టు ఇచ్చినారు. 2024 నవంబర్ 8న కోర్టు తీర్పు చెప్పింది. ఆ 15వ నియమంలోని మొదటి భాగం చట్టానికే విరుద్ధమని, కచ్చితంగా పాటించాల్సిన కనీస నియమాలు వేరుగా రాయమని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది.

నేనేం చేసినానంటే, ఒక పేజీ అర్జీ రాసినా. “వికలాంగులకు ఇబ్బందిగా ఉంది, దయచేసి చూడగలరు” అని రాయలేదు. అట్లా రాస్తే “ర్యాంప్ ఉంది” అని ఒక్క లైన్ జవాబొస్తుంది. నాలుగు వరసలు పెట్టినా. ర్యాంప్, ఉన్నది 1:4, ఉండాల్సింది 1:12. తలుపు, ఉన్నది 71, ఉండాల్సింది 90. టాయిలెట్ తలుపు, లోపలికి, బయటికి ఉండాలి. పలకలు, అన్నీ చుక్కలు. ప్రతిదానికీ టేప్ కనిపించేటట్టు ఒక ఫోటో. అర్జీ ఆ ఆఫీసులోనే ఇచ్చినా. కాపీ రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి పంపినా.

మూడు వారాలకి ఒక ఇంజనీరు వచ్చినాడు. ఆయన చేతిలో కూడా టేప్ ఉంది. గోడ వెంబడి 11 మీటర్లు ఆయనా కొలిచినాడు, బైకుల షెడ్డు వైపు చూసినాడు, తల గోక్కున్నాడు. “షెడ్డు తీస్తే అవుతుంది సార్” అన్నాడు. టాయిలెట్ తలుపు మాత్రం ఆ నెలలోనే తిప్పి బిగించినారు, అది ఒక పూట పని. ర్యాంప్ ఇంకా పాతదే ఉంది.

వచ్చే నెల ఇంకో సంతకానికి మామ మళ్ళీ పోవాలి. ఈసారి నేను ముందురోజే పోయి, తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని వస్తా. ర్యాంప్ ఐపోయి ఉంటే వీడియో పెడతా. ఐపోకపోయినా పెడతా. మీ ఊళ్ళో ఏదైనా ఆఫీసు, స్కూలు, ఆస్పత్రి ర్యాంప్ దగ్గర మెట్ల ఎత్తు, ర్యాంప్ పొడవు కొలిచి, ఆ రెండంకెలూ కామెంట్లో పెట్టండి. భాగహారం మనం కలిసి చేద్దాం. ఉంటా మరి.